ఆఫర్ లెటర్‌తో పాటు రాని కాగితం

రిక్రూటర్ ఫోన్ చేస్తే మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఒక ప్రశ్న వస్తుంది. "మీ నోటీస్ పీరియడ్ ఎంతండీ?" తొంభై రోజులంటే అవతలి గొంతులో ఉత్సాహం తగ్గిపోతుంది. ముప్ఫై అంటే మాట ముందుకు సాగుతుంది. ఉద్యోగాల వెబ్‌సైట్లలో అభ్యర్థులను వడపోసేటప్పుడు అనుభవం, జీతంతో పాటు దీన్ని కూడా చూస్తారు. అంటే ఈ లెక్క ఎంత ముఖ్యమో కంపెనీలకు బాగా తెలుసు. అదే ప్రశ్నను, ఆఫర్ చేతికొచ్చాక మనం తిప్పి అడగం. "మీ దగ్గర చేరితే నా నోటీస్ పీరియడ్ ఎంత? ప్రొబేషన్ ఎన్నాళ్లు? బాండ్ ఏమైనా ఉందా?" అని అడగాల్సిన చోట, జీతం అంకె చూసుకుని, ఇంట్లో చెప్పి, మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కి ఒప్పేసుకుంటాం.

కాగితం మీద ఈ మూడూ వేర్వేరు పేరాల్లో ఉంటాయి. కానీ ఉద్యోగం వదిలే రోజున మూడూ కలిసి ఒకే లెక్కగా ముందుకొస్తాయి. ప్రొబేషన్ ఎప్పుడు ముగుస్తుందన్న దాన్ని బట్టి నోటీస్ మారుతుంది. కొన్నిచోట్ల బాండ్ గడియారం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే ఒక్కొక్కదాన్ని విడిగా కాకుండా, ఒకదానితో ఒకటి ఎలా ముడిపడిందో అడగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హనుమకొండలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన అమ్మాయి ఉందనుకోండి. మాదాపూర్‌లోని మరో కంపెనీ ఆమెకు నెలకు 45,000 రూపాయల జీతంతో ఆఫర్ ఇచ్చింది. అందులో బేసిక్ 22,500. ఆఫర్ లెటర్ రెండే పేజీలు. మొదటి పేజీలో హోదా, చేరాల్సిన తేదీ. రెండో పేజీలో జీతం వివరాల పట్టిక. ఆ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: మిగతా షరతులు కంపెనీ పాలసీ ప్రకారం ఉంటాయి, అవి అపాయింట్‌మెంట్ లెటర్‌లో తెలియజేస్తాం.

అసలు సంగతంతా ఆ వాక్యం వెనకాలే ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్ సాధారణంగా చేరిన రోజున ఇస్తారు. ఆ రోజు ఒక గదిలో పదిమందిని కూర్చోబెట్టి ఫైలు చేతికిస్తారు. పీఎఫ్ ఫారాలు, నామినేషన్, ఇన్సూరెన్స్, రహస్యాలు బయటపెట్టనన్న ఒప్పందం ఒకదాని వెనక ఒకటి సంతకాలకు వస్తుంటాయి. వాటి మధ్యలో స్టాంపు పేపరు మీద 'సర్వీస్ అగ్రిమెంట్' ఉంటుంది. చివర్లో ష్యూరిటీ సంతకానికి ఖాళీ గీత. "నాన్నగారి చేత సంతకం పెట్టించి రేపు తెండి" అంటారు. అప్పటికి పాత కంపెనీలో రిలీవింగ్ అయిపోయింది, ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. చదివినా చదవకపోయినా సంతకం పెట్టడమే మిగిలింది.

దేశంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఉద్యోగంలో పెట్టుకున్న వారికి నియామక పత్రం రాతపూర్వకంగా ఇవ్వాల్సిందే. కానీ పాత ఉద్యోగం వదులుకోకముందే అది చేతికి రావాలంటే మాత్రం మనమే అడగాలి. అడగడానికి సరైన సమయం కూడా ఒకటుంది. ఆఫర్ మెయిల్ వచ్చాక, దాన్ని ఒప్పుకోకముందు దొరికే రెండు మూడు రోజులు అవి. ఇంటర్వ్యూలు అయిపోయాయి, మేనేజరు సరే అన్నాడు, మిగతా అభ్యర్థులను పక్కన పెట్టారు. రిక్రూటర్‌కు మీ "సరే" అన్న మాట అవసరమయ్యే కాలం అదొక్కటే. ఇంటర్వ్యూ మధ్యలో అడిగితే తొందరపడ్డట్టు ఉంటుంది. చేరిన రోజున అడిగితే మార్చడానికి ఏమీ ఉండదు.

ప్రొబేషన్ ఎప్పుడు ముగుస్తుంది?

ప్రొబేషన్ ఎన్ని నెలలు అని అందరూ అడుగుతారు. మూడో ఆరో అని జవాబు వస్తుంది. అక్కడితో ఆగిపోకూడదు. ఆరు నెలలు నిండిన మర్నాడు ఏమవుతుంది అన్నది అంతకన్నా ముఖ్యం.

చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో ఒక వాక్యం ఉంటుంది: రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు మీరు ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు పరిగణిస్తాం. ఇది చిన్న మాట కాదు. గరిష్ఠంగా ఇన్ని నెలలే అని నియమాల్లో ఉండి, ఆ గడువు దాటాక కూడా ఉద్యోగిని కొనసాగిస్తే, అతను కన్ఫర్మ్ అయినట్టే భావించాలని 1968లో పంజాబ్ ప్రభుత్వానికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి గరిష్ఠ పరిమితి లేకుండా, పొడిగించే అధికారం యజమాని చేతిలోనే ఉంటే, గడువు దాటినంత మాత్రాన కన్ఫర్మేషన్ దానంతట అది రాదన్నది కోర్టులు సాధారణంగా అనుసరించే వైఖరి. అందుకే రిక్రూటర్‌ని ఇలా అడగాలి: "ప్రొబేషన్ ఆరు నెలలన్నారు కదా సర్, పొడిగించాల్సి వస్తే ఎక్కువలో ఎక్కువ ఎన్ని నెలలు? ఆరు నెలలు పూర్తయ్యాక కన్ఫర్మేషన్ లెటర్ దానంతట అదే వస్తుందా, మేనేజరు రివ్యూ అయ్యాకే ఇస్తారా?"

మన ఉదాహరణలో ఆరు నెలల ప్రొబేషన్‌ను మూడు నెలలు పొడిగించారనుకుందాం. అంటే తొమ్మిది నెలలు. జీతం పెంపు కన్ఫర్మ్ అయినవారికే అని నియమం ఉంటే, ఆ సంవత్సరం పెంపు చేజారిపోవచ్చు. కొన్నిచోట్ల సెలవుల సంఖ్య కూడా అప్పటివరకు తక్కువే. అయితే ప్రొబేషన్‌లో ఒక వెసులుబాటు కూడా ఉంది. ఆ కాలంలో నోటీస్ తక్కువ, పదిహేను లేదా ముప్ఫై రోజులు. పని నచ్చక వెళ్లిపోవాలనుకునేవారికి అదే తేలికైన దారి. కన్ఫర్మ్ అయిన మర్నాడే అది తొంభై రోజులు అవుతుంది. కాబట్టి కన్ఫర్మేషన్ తేదీ మీకు తెలియాలి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. "ప్రొబేషన్ అయ్యాకే పీఎఫ్ కడతాం" అని కొన్ని చిన్న సంస్థలు అంటుంటాయి. అది తప్పు. పీఎఫ్ చట్టం వర్తించే సంస్థలో, అర్హత ఉన్న ఉద్యోగికి చేరిన రోజు నుంచే పీఎఫ్ కట్టాలి. ప్రొబేషన్ పేరుతో దాన్ని వాయిదా వేయడానికి లేదు. గ్రాట్యుటీ కోసం లెక్కపెట్టే సర్వీసులోనూ ఆ నెలలు కలుస్తాయి. రిక్రూటర్ నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే, ఆ కంపెనీ మిగతా కాగితాలను కూడా కాస్త జాగ్రత్తగా చదవాలని అర్థం.

నోటీస్: ఎవరికి ఎన్ని రోజులు?

నోటీస్ పీరియడ్ గురించి అడిగితే రిక్రూటర్లు మనం ఇవ్వాల్సిన రోజులే చెబుతారు. కంపెనీ మనల్ని తీసేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో విడిగా అడగాలి. ఉద్యోగి తొంభై రోజులు ఇవ్వాలి, కంపెనీ మాత్రం ముప్ఫై రోజుల నోటీసుతో లేదా ఒక నెల జీతంతో సాగనంపవచ్చు అని రాసుకున్న లెటర్లు అరుదేమీ కాదు. రెండువైపులా ఒకే సంఖ్య ఉండాలని అడగడంలో తప్పేమీ లేదు. అన్నిసార్లూ ఒప్పుకోరు. అయినా ఆ తేడా ముందే తెలిస్తే, ఇంటి లోన్ తీసుకునేటప్పుడు మీ చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు డబ్బు ఉండాలో మీకు తెలుస్తుంది.

తర్వాతి మాట బయ్‌ఔట్. పూర్తి నోటీస్ ఇవ్వలేనప్పుడు మిగిలిన రోజులకు డబ్బు కట్టి వెళ్లడమన్నమాట. ఇక్కడ రెండు విషయాలు తేలాలి. బయ్‌ఔట్ మన హక్కా, కంపెనీ దయా అన్నది మొదటిది. 'కంపెనీ విచక్షణ మేరకు' అని రాసి ఉంటే, మీరు డబ్బు కడతానన్నా మేనేజరు వద్దనవచ్చు. ఆ డబ్బు దేని మీద లెక్కిస్తారన్నది రెండోది. బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా? మన అమ్మాయికి తర్వాత ఇంకో మంచి అవకాశం వచ్చింది, వాళ్లు ముప్ఫై రోజులే ఆగగలరు. తొంభైలో అరవై రోజులు తక్కువ. మొత్తం జీతం మీద లెక్కిస్తే ఆమె కట్టాల్సింది 90,000. బేసిక్ మీద అయితే 45,000. ఒక్క పదంతో సగానికి సగం తేడా. మిగిలిపోయిన సెలవులను నోటీస్ రోజుల్లో సర్దుతారా అన్నది కూడా అప్పుడే అడగొచ్చు. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని నోటీస్ కాలంలో అసలు సెలవే ఇవ్వవు.

నోటీస్ ఇవ్వకుండా వెళ్లిపోతే కోర్టు కేసు వేస్తారేమోనని చాలామంది భయపడతారు. నిజానికి కంపెనీ చేతిలో ఉండే అసలు పట్టు రిలీవింగ్ లెటర్. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే అడుగుతుంది. లెటర్ ఆపితే తర్వాతి ఉద్యోగం ఇబ్బందిలో పడుతుంది, అందుకే డబ్బు కట్టేస్తారు. పీఎఫ్ ఖాతాలో పాత కంపెనీ 'డేట్ ఆఫ్ ఎగ్జిట్' నమోదు చేయకుండా ఆపడం ఇంకో ఇబ్బందిగా ఉండేది. 2020 నుంచి ఉద్యోగి కూడా తన యూఏఎన్ ఖాతాలో, చివరి నెల పీఎఫ్ పడిన రెండు నెలల తర్వాత, తనే ఆ తేదీని నమోదు చేసుకునే వీలొచ్చింది. రిలీవింగ్ లెటర్‌కు మాత్రం అలాంటి సొంత దారి లేదు. కాబట్టి "నోటీస్ పూర్తి చేసినా, బయ్‌ఔట్ కట్టినా, లాస్ట్ వర్కింగ్ డే నాడే రిలీవింగ్ లెటర్ ఇస్తారా?" అని ఆఫర్ దశలోనే అడగడం మంచిది.

బాండ్ గడియారం ఎక్కడ మొదలవుతుంది?

బాండ్ విషయంలో రెండు పాత మాటలు వినిపిస్తుంటాయి. "అది కోర్టులో నిలవదులే" అని ఒకరు, "సంతకం పెట్టి వెళ్లిపోతే పోలీసులు వస్తారు" అని ఇంకొకరు. రెండూ తప్పే. ఇవి నమ్మి తీసుకున్న నిర్ణయాల వల్ల నష్టపోయేది మాత్రం ఉద్యోగే.

మొదటి మాటకు జవాబు 2025 మే 14న సుప్రీంకోర్టు ఇచ్చింది. విజయా బ్యాంకులో ఒక అధికారి 2007లో సీనియర్ మేనేజరుగా చేరారు. మూడేళ్లు నిండకుండా వెళితే రెండు లక్షలు కట్టాలన్నది షరతు. 2009లో ఆయన రాజీనామా చేసి మరో బ్యాంకుకు వెళ్లారు. అభ్యంతరం తెలుపుతూనే రెండు లక్షలు కట్టి, తర్వాత కోర్టుకెక్కారు. కర్ణాటక హైకోర్టులో ఆయన గెలిచారు. సుప్రీంకోర్టులో బ్యాంకు గెలిచింది. ఒప్పంద చట్టంలోని 27వ సెక్షన్, ఎవరినీ వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదంటుంది. ఆ సెక్షన్ ఇక్కడ వర్తించదని కోర్టు అంది. ఎందుకంటే ఆ షరతు ఆయనను ఇంకోచోట పనిచేయకుండా ఆపలేదు, ఉన్నచోట కనీసం మూడేళ్లు ఉండమని మాత్రమే అడిగింది. ప్రభుత్వరంగ బ్యాంకు ఒక పోస్టు నింపాలంటే బహిరంగ ప్రకటన ఇవ్వాలి, పోటీ పద్ధతిలో ఎంపిక చేయాలి, మధ్యలో ఎవరైనా వెళితే ఆ ఖర్చంతా మళ్లీ పెట్టాలి. ఆయన హోదాకూ జీతానికీ ఆ రెండు లక్షలు రాజీనామానే అసాధ్యం చేసేంత మొత్తం కాదని కూడా కోర్టు గమనించింది.

ఈ తీర్పు తర్వాత కూడా ప్రతి ప్రైవేటు కంపెనీ రాసుకున్న ప్రతి అంకె వసూలవుతుందని అనుకోనక్కర్లేదు. అదే ఒప్పంద చట్టంలో 74వ సెక్షన్ ఉంది. కాగితం మీద రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమేనని, కోర్టు ఇప్పించేది అందులోపు సమంజసమైన పరిహారమని ఆ సెక్షన్ సారం. అది ఆచరణలో ఎలా పనిచేస్తుందో 2011లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యవహారం చూపిస్తుంది. మూడేళ్ల బాండ్, మొత్తం రెండు లక్షలు. ఉద్యోగి రెండేళ్లు పనిచేసి వెళ్లాడు. అతని శిక్షణకు కంపెనీకి అయినట్టు తేలిన ఖర్చు 67,596 రూపాయలు. మిగిలింది మూడోవంతు కాలం కాబట్టి, ఆర్బిట్రేటర్ ఇప్పించింది అందులో మూడోవంతు, 22,532 రూపాయలు. హైకోర్టు దాన్ని మార్చలేదు. రెండు లక్షలెక్కడ, ఇరవై రెండు వేలెక్కడ!

కాబట్టి రిక్రూటర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ మొత్తం దేనికి అన్నది. "బాండ్ ఏ ట్రైనింగ్‌కు సంబంధించింది? ఆ ట్రైనింగ్ ఎన్ని వారాలు, ఎవరు ఇస్తారు, దానికి మీరు పెట్టే ఖర్చెంత?" నాలుగు వారాల క్లాసులు, పరీక్ష ఫీజు, విదేశంలో శిక్షణ లాంటివి ఉంటే ఆ మొత్తానికి ఒక ఆధారం ఉన్నట్టు. మొదటి రోజు నుంచే ప్రాజెక్టులో కూర్చోబెట్టి పని చేయించుకునే అనుభవజ్ఞురాలికి రెండు లక్షల బాండ్ ఎందుకో ఆ కంపెనీ చెప్పగలగాలి. చెప్పలేకపోతే, అది శిక్షణ ఖర్చు రాబట్టడానికి కాదు, మనిషిని కదలకుండా ఉంచడానికి పెట్టింది. అలాంటి బాండ్‌ను తీసేయమని నేరుగా అడగాలన్నది నా అభిప్రాయం. తీసేయనంటే ఆ ఉద్యోగం గురించి ఇంకోసారి ఆలోచించాలి.

రెండో ప్రశ్న గడియారం గురించి. ఇరవై నాలుగు నెలలు అన్నారు. ఎప్పటి నుంచి? చేరిన రోజు నుంచా, ట్రైనింగ్ ముగిసిన రోజు నుంచా, కన్ఫర్మేషన్ నుంచా? మన ఉదాహరణలో కన్ఫర్మేషన్ నుంచి అని ఉంటే, తొమ్మిది నెలలకు పొడిగించిన ప్రొబేషన్‌తో కలిపి బాండ్ ముప్ఫై మూడు నెలలవుతుంది. రెండేళ్లనుకున్నది మూడేళ్లకు దగ్గరవుతుంది. గడియారం ఆగే చోటు కూడా ముఖ్యమే. ఇరవై నాలుగు నెలలు నిండేది రాజీనామా ఇచ్చిన రోజుకా, లాస్ట్ వర్కింగ్ డేకా? లాస్ట్ వర్కింగ్ డే వరకు లెక్కపెడితే, ఇరవై ఒకటో నెల చివర పేపర్లు వేసి, మూడు నెలల నోటీస్ అందులోనే పూర్తి చేసుకోవచ్చు. రాజీనామా తేదీని లెక్కిస్తే, నోటీస్‌తో కలిపి ఇరవై ఏడు నెలలు ఉండాలి.

మూడో ప్రశ్న మొత్తం ఎలా తగ్గుతుందన్నది. పనిచేసిన కాలాన్ని బట్టి తగ్గుతుందా, చివరి నెలలో వెళ్లినా పూర్తిగా కట్టాలా? మన అమ్మాయి బాండ్ చేరిన రోజు నుంచి మొదలైందనుకుందాం. పదిహేను నెలలు పనిచేసి వెళ్లాల్సి వచ్చింది. మిగిలింది తొమ్మిది నెలలు. దామాషాగా తగ్గితే కట్టాల్సింది 75,000. తగ్గకపోతే 2,00,000. దీనికి నోటీస్ లెక్క కలపండి. కాగితం ఒకలా ఉంటే ఆమె వదిలేటప్పుడు 2,90,000 కట్టాలి. ఇంకోలా ఉంటే 1,20,000. మధ్యలో తేడా లక్షా డెబ్బై వేలు. ఆమె దాదాపు నాలుగు నెలల జీతం. ఆఫర్ వచ్చిన రోజున ఒక మెయిల్ రాసి ఉంటే మారిపోగల రెండు వాక్యాల విలువ అది.

కంపెనీయే తీసేస్తే బాండ్ డబ్బు ఎవరు కట్టాలన్నది కూడా అడగాలి. సమాధానం తేలికే అనిపిస్తుంది. కానీ 'ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే' అని రాసిన ఒప్పందాలు ఉంటాయి. ప్రొబేషన్‌లో పని బాగోలేదని పంపించి, బాండ్ డబ్బు కూడా అడిగే వీలు ఆ మాటలో దాగి ఉంది. 'ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తేనే' అని రాయించుకోవాలి.

ఇక పోలీసుల భయం. బాండ్ ఉల్లంఘన సివిల్ వివాదం. దానికి అరెస్టు ఉండదు. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించలేరు కాబట్టి, ఏ కోర్టూ మిమ్మల్ని అదే కుర్చీలో కూర్చుని పనిచేయమని ఆదేశించదు. వస్తే డబ్బు వరకే వస్తుంది. కానీ ఒక్కచోట ఇది మారిపోతుంది. కొన్ని సంస్థలు బాండ్‌తో పాటు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అడుగుతాయి. ఆ చెక్కును అంకె నింపి బ్యాంకులో వేసి, అది బౌన్స్ అయితే, 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేసే దారి తెరుచుకుంటుంది. సివిల్ గొడవను క్రిమినల్ గొడవగా మార్చే కాగితం మన చేతితోనే ఇచ్చినట్టు అవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనేవారూ ఉన్నారు. వెరిఫికేషన్ కోసం చూపించి వెంటనే తెచ్చుకోవాలి తప్ప వాళ్ల దగ్గర వదలకూడదు. చెక్కులు, సర్టిఫికెట్లు, ష్యూరిటీ సంతకం, ఈ మూడింటిలో ఏవి అడుగుతారో ఆఫర్ దశలోనే తెలుసుకోవాలి. మొదటి రెండూ అడిగే చోట చేరకపోవడమే మంచిదని గట్టిగా చెబుతాను. ష్యూరిటీ అంటే ఆ డబ్బుకు నాన్నో, మామయ్యో బాధ్యత తీసుకోవడం. ఆ సంగతి సంతకం పెట్టేవాళ్లకు కూడా చెప్పాలి.

బాండ్ అన్న పేరు లేకుండా బాండ్‌లా పనిచేసేది ఒకటుంది. జాయినింగ్ బోనస్, లేదా పాత కంపెనీ నోటీస్‌కు కొత్త కంపెనీ ఇచ్చే బయ్‌ఔట్ డబ్బు. ఏడాదిలోపు వెళితే తిరిగి కట్టాలని ఉంటుంది. అది వచ్చినప్పుడు పన్ను కోసుకుని మిగతాది మన ఖాతాలో పడుతుంది. తిరిగి కట్టేటప్పుడు పూర్తి మొత్తం అడుగుతారు. లక్ష బోనస్‌లో ముప్ఫై శాతం పన్ను పోతే చేతికొచ్చేది డెబ్బై వేలు, తిరిగి ఇవ్వాల్సింది లక్ష. "చేతికొచ్చిన మొత్తమా, పన్నుకు ముందు మొత్తమా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఎలా అడగాలి?

అడగడంలో మొహమాటం పనికిరాదు, దురుసుతనమూ అక్కర్లేదు. మొదట ఫోన్‌లో, తర్వాత మెయిల్‌లో. ఫోన్‌లో ఇలా మొదలుపెట్టవచ్చు: "ఆఫర్ చూశాను మేడమ్, చాలా సంతోషం. ఒప్పుకునే ముందు ప్రొబేషన్, నోటీస్, సర్వీస్ అగ్రిమెంట్ షరతులు ఒకసారి చదవాలనుకుంటున్నాను. అపాయింట్‌మెంట్ లెటర్ డ్రాఫ్ట్, అగ్రిమెంట్ ఉంటే దాని కాపీ పంపగలరా?" ప్రశ్నలన్నీ కుప్పపోయకుండా ముందు కాగితం అడగడమే మంచి పద్ధతి. కాగితం వస్తే సగం జవాబులు అందులోనే ఉంటాయి.

జవాబులు మాత్రం కొంచెం ఊహించగలిగేవే. "అది స్టాండర్డ్ పాలసీ అండీ, అందరికీ అదే." అలా అన్నప్పుడు, "అందరికీ ఒకటే అయితే కాపీ ఇవ్వడం తేలికే కదా మేడమ్" అనవచ్చు. "ఇంకా చేరకముందే వెళ్లడం గురించి ఆలోచిస్తున్నారా?" అని కొందరు అంటారు. దీనికి నొచ్చుకోనక్కర్లేదు. "లేదు మేడమ్, ఇంట్లో లోన్ ఉంది, బాధ్యతలు ముందే తెలుసుకుని సంతకం పెట్టడం అలవాటు" అంటే చాలు. "బాండ్ అంతా ఫార్మాలిటీ, ఎవరి దగ్గరా వసూలు చేయలేదు" అన్న మాటే అన్నింటికన్నా ప్రమాదం. ఆ మాట చెప్పినవారు ఏడాది తర్వాత అదే కంపెనీలో ఉంటారో లేదో తెలియదు. ఉన్నా, అపాయింట్‌మెంట్ లెటర్లలో తరచూ ఒక వాక్యం ఉంటుంది: ఇంతకుముందు నోటిమాటగా చెప్పినవన్నీ చెల్లవు, ఈ పత్రమే తుది ఒప్పందం. ఫోన్‌లో ఇచ్చిన హామీలన్నీ ఆ ఒక్క వాక్యంతో పోతాయి.

మాట్లాడేది కంపెనీ హెచ్‌ఆరా, కన్సల్టెన్సీ మనిషా అన్నది కూడా చూసుకోవాలి. కన్సల్టెన్సీకి మీరు చేరితేనే ఫీజు వస్తుంది, మీరు మొదటి కొన్ని నెలల్లోనే వెళ్లిపోతే చాలా ఒప్పందాల్లో ఇంకొకరిని ఉచితంగా ఇవ్వాలి లేదా ఫీజు వెనక్కి ఇవ్వాలి. వాళ్లలో మంచివాళ్లు ఉంటారు, నిజాయితీగా చెబుతారు కూడా. కానీ కంపెనీ తరఫున షరతు మార్చే అధికారం వాళ్లకు ఉండదు. కంపెనీ మెయిల్ ఐడీ నుంచి జవాబు రావాలని అడగాలి.

అడిగితే ఏం మారుతుంది? అనుభవం తక్కువ ఉన్నవారికి తొంభై రోజుల నోటీస్‌ను అరవైకి తగ్గించడం కష్టం, అది కంపెనీ మొత్తానికి ఒకే నియమం. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో వచ్చే ఫ్రెషర్‌కు బేరమాడే చోటు ఇంకా తక్కువ. అయినా దామాషాగా తగ్గించడం, గడియారం చేరిన రోజు నుంచి మొదలవడం, బయ్‌ఔట్ బేసిక్ మీద లెక్కించడం, కంపెనీ తీసేస్తే బాండ్ వర్తించకపోవడం లాంటి స్పష్టతలు అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. వీటిలో చాలావరకు కంపెనీకి పైసా ఖర్చు ఉండదు.

ఎప్పుడో సెటిల్‌మెంట్ దశకు వచ్చినప్పుడు ఇంకో చిన్న విషయం గుర్తుంచుకోవాలి. నోటీస్ డబ్బు, బాండ్ డబ్బు మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి అడిగిన సంస్థలు ఉన్నాయి. ఈ మొత్తాలకు జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. మన ఉదాహరణలో రెండు లక్షల మీద ఆ పన్ను 36,000 అవుతుంది. ఆ గీత కనిపిస్తే సర్క్యులర్ నంబరు 178 పేర్కొంటూ తీసేయమని రాయాలి.

మళ్లీ ఆఫర్ రోజుకు వస్తే, ఫోన్ సంభాషణ అయిన వెంటనే మెయిల్ రాయాలి. ఇంగ్లిష్‌లో రాసినా సారం ఇంతే: "మనం ఈరోజు మాట్లాడుకున్న ప్రకారం నాకు అర్థమైనవి ఇవి. ప్రొబేషన్ ఆరు నెలలు, పొడిగిస్తే మరో మూడు నెలలకు మించదు. కన్ఫర్మేషన్ తర్వాత నోటీస్ రెండువైపులా తొంభై రోజులు, తక్కువైన రోజులకు బేసిక్ మీద లెక్కకట్టి చెల్లించే వీలుంది. సర్వీస్ అగ్రిమెంట్ చేరిన తేదీ నుంచి ఇరవై నాలుగు నెలలు, నేను రాజీనామా చేసినప్పుడు మాత్రమే, మిగిలిన నెలల దామాషాలో వర్తిస్తుంది. చెక్కులు గానీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు గానీ ఇవ్వనక్కర్లేదు. ఇందులో ఏదైనా తప్పుంటే తెలియజేయండి. ఈ షరతుల మీద ఆఫర్‌ను అంగీకరించడానికి సిద్ధంగా ఉన్నాను."

దీనికి జవాబు వచ్చేవరకు పాత కంపెనీలో పేపర్లు వేయకూడదు. రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు. ఆఫర్ గడువు దాటేలా ఉంటే మరో రెండు రోజులు పెంచమని అదే మెయిల్‌లో అడగొచ్చు. చేరిన రోజున వచ్చే అగ్రిమెంట్‌ను ఈ మెయిల్ పక్కన పెట్టుకుని చదవాలి. తేడా కనిపిస్తే సంతకానికి ముందే హెచ్‌ఆర్‌కు చూపించి, దిద్దించి, ఇద్దరి పొట్టి సంతకాలతో ఒక కాపీ తీసుకోవాలి. ఆ కాపీనీ, ఈ మెయిల్స్‌నూ సొంత మెయిల్ ఐడీలో దాచుకోవాలి. ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు మెయిల్ లాస్ట్ వర్కింగ్ డే సాయంత్రమే మూసేస్తారు. ఆ కాగితాలు అవసరమయ్యేది ఆ తర్వాతే.